నీళ్లు దిగని యంత్రం, నేను గీసిన పట్టిక

ఆ వేసవిలో మా ఇంటి బట్టలుతికే యంత్రం ఏడుసార్లు పని మధ్యలో ఆగిపోయింది. ఆ ఏడూ నా పుస్తకంలో ఉన్నాయి. తేదీ, వారం, ఆగిన వేళ, టబ్బులో వేసిన బట్టల సంఖ్య, పోసిన సబ్బుపొడి చెంచాలు, ఇవన్నీ గడులు గీసి మరీ రాశాను. ఆ గడులను నమ్మి మా ఇంట్లో పనిచేసే అమ్మాయిని పనిలోకి రావద్దన్నాను. ఆ మాట అన్న శుక్రవారానికీ, దాన్ని వెనక్కు తీసుకోబోయిన శనివారానికీ మధ్య ఇరవై ఎనిమిది గంటలు గడిచాయి. మాటను వెనక్కు తీసుకోవడానికి ఆ వ్యవధి చాలా ఎక్కువని నాకు అప్పుడు తెలియదు.

నేను కాలువల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. తూము దగ్గర గేజి మీద నీటి మట్టం చూసి, వేళతో సహా రాసి, సంతకం పెట్టడం నా ఉద్యోగంలో ముఖ్యమైన భాగం. నీళ్లు రాలేదని రైతులు గొడవకు వస్తే నేను వాదించేవాణ్ణి కాదు, పుస్తకం తెరిచి చూపించేవాణ్ణి. పదవీ విరమణ తరువాత నరసరావుపేటలో స్థిరపడ్డాం. ఉద్యోగం పోయినా ఆ అలవాటు పోలేదు. గ్యాసు బండ మార్చిన రోజు, కుళాయి వచ్చిన వేళ, నా రక్తపోటు, అన్నీ రాస్తూనే ఉన్నాను.

యంత్రం పైమూత రకం, ఏడు కిలోలది. ఉతికిన నీటిని అడుగునున్న చిన్న పంపు తోడి, వెనక గొట్టం గుండా బయటకు పంపుతుంది. నా భార్యకు రెండు మోకాళ్లూ అరిగిపోయాక కొన్నాం. వెనక వసారాలో, స్నానాలగది గోడను ఆనుకుని పెట్టాం. పిండేటప్పుడు అది అదురుతుంది, అదిరి అదిరి రెండు మూడు అంగుళాలు ముందుకు జరుగుతుంది. ఆ జరగడం నా కంటికి నచ్చేది కాదు. అందుకని ఆ యేడు మాఘమాసంలో దాని నాలుగు కాళ్ల చుట్టూ నేలమీద నీలం రంగుతో గుర్తులు వేశాను. ప్రతి ఉతుకు తరువాత యంత్రాన్ని వెనక్కు నెట్టి, కాళ్లు సరిగ్గా గుర్తుల్లోకి వచ్చేదాకా చూసేవాణ్ణి. గోడకూ యంత్రానికీ మధ్య దూరం తక్కువ ఉంటే వసారా విశాలంగా ఉంటుందని నా లెక్క.

పనికి వచ్చే అమ్మాయికి ముప్పై అయిదేళ్లు ఉంటాయి. మా వీధి చివర రెండు గదుల ఇంట్లో అద్దెకు ఉండేది. పొద్దున్నే ఆరింటికి వచ్చి, అంట్లు తోమి, ఇల్లు ఊడ్చి, మంగళ శుక్రవారాల్లో యంత్రంలో బట్టలు వేసి, ఆరవేసి, తొమ్మిదింటికి వెళ్లేది. అక్కడి నుంచి చిలకలూరిపేట రోడ్డులో ఒక శీతల గిడ్డంగికి పోయి, సాయంత్రం దాకా ఎండు మిరపకాయల తొడిమలు తీసేది. ఆ పని వేసవి దాకానే. ముసురు పట్టాక ఆమెకు నిలకడగా ఉండే పని మా ఇంటిది ఒక్కటే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే ఆ మాట అన్నాను కనుక ఇక్కడ దాచకుండా రాస్తున్నాను.

యంత్రం మొదటిసారి ఆగినప్పుడు కరెంటు అనుకున్నాం. రెండోసారి టబ్బు నిండా మురికినీళ్లు నిలిచి, తెరమీద రెండు అక్షరాలు వెలుగుతూ ఆరుతూ కనిపించాయి. దానితో వచ్చిన చిన్న పుస్తకం తీసి చూశాను. నీరు బయటకు పోవడం లేదని ఆ అక్షరాల అర్థం. అక్కడ నాకు కొంత ఊరట కలిగింది. నీరు ఎందుకు పోదో కనిపెట్టడం నా జీవితకాలపు వృత్తి కదా. ఇనుప స్కేలు టబ్బులో నిలబెట్టి, నీళ్లు తోడే మీట నొక్కి, గడియారం చూశాను. పది నిమిషాల్లో నాలుగు సెంటీమీటర్లు మాత్రమే దిగింది. ఆ అంకె రాసుకున్నాను. రాసుకుని ఏం చేయాలో తోచక, ఇంకోసారి కొలిచాను.

నాలుగోసారి ఆగిన తరువాత పట్టిక గీశాను. సంక్రాంతి దాకా ఒక్కసారి కూడా ఆగని యంత్రం, మాఘం దాటాక ఎందుకు ఆగుతున్నది? మాఘం తరువాత మా ఇంట్లో మారింది ఏమిటి? ఆ ప్రశ్న నా భార్యను అడిగాను. ఆమె కూరలు తరుగుతున్నది.

"మారిందేముందండీ. ఆ పిల్ల మిరపకాయల పనికి పోతోందిగా, ఆ చీరా చొక్కా చేత్తో ఉతికితే చేతులు మండిపోతున్నాయంది. మన బట్టలతో పాటు వేసుకోమన్నాను."

"ఎప్పటి నుంచి?"

"నాకేం తెలుసు, తేదీలు రాసుకునేది మీరుగా!"

నేను పుస్తకం తిప్పి చూశాను. ఆ అమ్మాయి గిడ్డంగి పనికి పోతున్నానని చెప్పిన రోజు, ఆ రోజు నుంచి అరగంట ముందు వెళ్తానని అడిగింది కనుక, నేను రాసి ఉంచాను. దానికి తొమ్మిది రోజుల తరువాత యంత్రం మొదటిసారి ఆగింది. ఆగినవన్నీ మంగళ శుక్రవారాలే. మిరప గింజలు, దుమ్ము, తొడిమలు ఆమె చీర కుచ్చెళ్లలో వచ్చి గొట్టంలో అడ్డం పడుతున్నాయని తేల్చాను. ఉతికేది ఆ రెండు రోజులే కనుక ఆగడం కూడా ఆ రెండు రోజులే జరుగుతుందన్న సంగతి, చిన్నపిల్లలకు కూడా తట్టేది, నాకు తట్టలేదు.

ఆమె బట్టలు వేయవద్దని నా భార్య చేత చెప్పించాను. ఆమె సరేనంది. తరువాతి మంగళవారం యంత్రం మళ్లీ ఆగింది. ఆమె చాటుగా వేస్తున్నదని అనుకున్నాను. నాకు కోపం అంత తొందరగా రాదు. కానీ ఆ పది రోజులు నేను కుదురుగా కూర్చోలేకపోయాను. యంత్రం తిరుగుతున్నంతసేపూ వసారాకూ ముందుగదికీ మధ్య నడిచేవాణ్ణి. శబ్దం మారితే వెళ్లి మూతమీద చెయ్యి వేసి నిలబడేవాణ్ణి. ఆమె బట్టలు వేస్తుంటే ఒక్కొక్కటీ పైకి లెక్కపెట్టాను. ఆమె తల ఎత్తలేదు.

ఏడోసారి ఆగింది శుక్రవారం, ఏడు గంటల ఇరవై నిమిషాలకు. టబ్బులో దుప్పట్లు నీళ్లలో మునిగి ఉన్నాయి. ఆమె చేతులు మోచేతుల దాకా ముంచి ఒక్కొక్కటీ పైకి లాగుతున్నది.

"అమ్మాయ్, సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నాను.

ఆమె దుప్పటి వదలలేదు. "ఎందుకు బాబాయ్?"

"కారణం నీకు తెలుసు. ఏడుసార్లు ఆగింది."

"ఆగితే? నేనేమన్నా దాని పీక నొక్కానా?"

"నీ మిరపకాయల బట్టలు వేయవద్దన్నాం."

"పిన్ని చెప్పిన కాణ్ణించి ఒక్క గుడ్డ ఏసుంటే నా కళ్లు పోతాయి. ఇంటికాడ బకెట్లో నేనే ఉతుక్కుంటన్నా. సూడండి చేతులు."

చేతులు చూపించింది. వేళ్ల మధ్య చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. నేను చూశాను, కానీ నా దగ్గర పట్టిక ఉంది. "ఏడుసార్లు" అని మళ్లీ అన్నాను. ఆమె నాలుగు దుప్పట్లూ చేత్తో పిండి, తాడు మీద ఆరవేసి, టబ్బులో నీళ్లు చెంబుతో తోడి పోసి, వెళ్లిపోయింది. 

శనివారం తొమ్మిదింటికి మెకానిక్కును పిలిపించాను. మార్కెట్టు వెనక సందులో యాభై ఏళ్లుగా ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసే కుటుంబం అది. ఇతను రెండో తరం, అందరూ భాయ్ అంటారు. ఆ అమ్మాయి కూడా ఉంది. సోమవారం నుంచి కదా రావద్దన్నాను, శనివారం పని శనివారమే చేస్తానన్నట్టు వచ్చి అంట్లు తోముతున్నది. గిడ్డంగికి ఆ రోజు సెలవు.

భాయ్ సంచి కింద పెట్టకముందే నేను పుస్తకం అందించాను. అతను కళ్లజోడు పెట్టుకుని, రెండు పేజీలూ ఓపికగా చదివాడు.

"భలే రాశారు సార్. మా దుకాణంలో కూడా ఇంత నీటుగా లేదు. అయితే ఒకటి చెప్పండి. ఈ ఏడుసార్లలో నీళ్లుండి ఆగింది ఎన్నిసార్లు, నీళ్లు లేకుండా ఆగింది ఎన్నిసార్లు?"

నేను పుస్తకం తీసుకుని చూశాను. సబ్బుపొడి చెంచాలు ఉన్నాయి. బట్టల సంఖ్య ఉంది. అతను అడిగిన గడి లేదు.

"ఆగడం ఆగడమే కదా" అన్నాను.

"కాదు సార్. నీళ్లుండి ఆగితే దారి మూసుకుంది. నీళ్లు పోయాక పిండకుండా ఆగితే కథ వేరే."

వాకిలి వైపు నుంచి అమ్మాయి గొంతు వినిపించింది. "రెండుసార్లు నీళ్లు లేవు బాబాయ్. బట్టలు తడిగా ఉన్నాయి, కింద నీళ్లు లేవు. మూత ఎత్తి మూస్తే మళ్లీ తిరిగింది. మీరు అప్పటికే రాసేసుకున్నారు."

భాయ్ నావైపు చూడకుండా, "మంచిది చెల్లెమ్మా, పని తగ్గించావు" అన్నాడు.

ముందు ప్లగ్గు పీకాడు. కుళాయి కట్టేశాడు. యంత్రాన్ని రెండు చేతులతో పట్టి ముందుకు లాగి, వెనక గోడకూ దానికీ మధ్య తల పెట్టి చూశాడు. కాసేపటికి నన్ను పిలిచాడు. నేను గోడ పట్టుకుని వంగాను. యంత్రం వెనక నుంచి బయటకు వచ్చే బూడిదరంగు గొట్టం, పైకి తిరిగే మలుపు దగ్గర, మడిచిన కాగితంలా మడత పడి ఉంది. మడత మీద తెల్లని గీత, అరుగుదల.

"ఈ నీలం గుర్తులు ఎవరు పెట్టారు సార్?"

"నేనే."

"ఆ గుర్తుల్లోకి నెడితే గొట్టానికి జాగా లేదు. గోడకు నొక్కుకుపోతుంది. తిరిగేటప్పుడు మిషన్ దానంతట అదే కొంచెం ముందుకొచ్చి దారి తెరుచుకునేది, మీరు మళ్లీ నెట్టి మూశారు."

నా భార్య గుమ్మంలో నిలబడి ఉంది. "నాలుగు మూలలకీ రంగేసి, కొలబద్ద పెట్టి కొలిచి మరీ నెడతారు భాయ్. నేను వద్దన్నా వింటారా?"

 గోడకూ యంత్రానికీ మధ్య ఎంత ఉండాలని అడిగాను. ఒక జానెడు వదిలితే చాలునన్నాడు. జానెడంటే ఎన్ని సెంటీమీటర్లని అడగబోయి ఊరుకున్నాను.

గొట్టం సాపు చేశాక, టబ్బులో రెండు బకెట్ల నీళ్లు పోయించి, తోడే మీట నొక్కాడు. నేను స్కేలు పెట్టాను. ఈసారి పది నిమిషాల్లో పదకొండు సెంటీమీటర్లు దిగింది. మెరుగే, కానీ బయట కాలువలోకి నీరు సన్నని ధారగా పడుతున్నది. భాయ్ తల అడ్డంగా ఊపాడు. "రెండు నిమిషాల్లో ఖాళీ అవ్వాల. ఇంకా ఉంది లోపల."

మళ్లీ ప్లగ్గు పీకి, మిగిలిన నీళ్లు చెంబుతో తోడించాడు. యంత్రం ముందు భాగంలో, అడుగున, అరచేయంత మూత ఒకటి ఉంది. అన్నేళ్లూ అది రవాణాలో వాడే బిరడా అనుకున్నాను. యంత్రంతో వచ్చిన పుస్తకంలో దానికి ఒక పేజీ కేటాయించారని తరువాత చూశాను. ఆ మూత తీస్తే లోపల ఒక మరబిరడా. దాని కింద మా ఇంటి అట్లపళ్లెం పెట్టించి, బిరడాను ఎడమవైపు నెమ్మదిగా తిప్పాడు. మురికినీళ్లు ముందు బొట్లుబొట్లుగా, తరువాత ధారగా వచ్చాయి. ఆగి, పళ్లెం పారబోయించి, మళ్లీ తిప్పాడు. మూడు పళ్లేల తరువాత బిరడా మొత్తం బయటకు వచ్చింది. దానికి వెనక జల్లెడలాంటి గూడు ఉంది. పంపులోకి చెత్త పోకుండా అదే పట్టి ఉంచుతుందట.

గూడు కనిపించలేదు. దాని చుట్టూ పత్తి పీచు, దారాలు కలిసి బూడిదరంగు ముద్దగా పేరుకున్నాయి. ఆ ముద్దలో మిరప గింజలు. భాయ్ పళ్లెంలో వేసి నీళ్లు పోసి విడదీశాడు. గింజలు కనీసం వంద. ఘాటు ముక్కుకు తగిలి నా భార్య దగ్గింది.

"చూశావా" అన్నాను. ఎవరినీ పేరుపెట్టి అనలేదు, కానీ అందరూ అమ్మాయి వైపు చూశారు.

ఆమె అంట్ల దగ్గర నుంచి లేచి, చేతులు చీరకు తుడుచుకుని వచ్చి, పళ్లెం ముందు గొంతుక్కూర్చుంది. గింజలను పట్టించుకోలేదు. వేలితో పీచును పక్కకు తోసి, ఎర్రని తోలు ముక్కలు నాలుగు ఏరింది. రెండింటికి తొడిమ ఇంకా అంటుకునే ఉంది.

"బాబాయ్, ఇటు రండి. ఇదేంది?"

"మిరపకాయ."

"మిరపకాయని నాకూ తెలుసు. తొడిమ తోలుకి అంటుకునుంది సూడండి. మా కాడ నేను చేసే పనేంది? తొడిమ పీకడం. మా బట్టలకి అంటుకుంటే ఒట్టి తొడిమలు అంటుకోవాల, లేకపోతే గింజ. తొడిమతో కాయ ముక్క ఎట్టా వస్తది? ఇంకోటి. ఈ యేడు మా గిడ్డంగికి వచ్చిందంతా సన్నకాయ. ఇది పట్టుకోండి. తోలు మందం. ఇది ముడతకాయ. ఈ రకం ఎవరి సేలో ఉంది?"

శావల్యాపురం వైపు మాకు రెండున్నర ఎకరాలు ఉన్నాయి. ఆ యేడు అందులో ముడత రకమే వేయించాను. మా వీధిలో ఇంకెవరికీ మిరప లేదు.

భాయ్ ఇంతలో పళ్లెంలోంచి ఇంకొకటి తీశాడు. ఎర్రని రబ్బరు బ్యాండు. దాని వెనకే ఇంకొకటి. మొత్తం అయిదు. ఒకదానికి నానిన కాగితం చుట్టుకుని ఉంది.

నా భార్య లోపలికి వెళ్లింది. ఎందుకు వెళ్లిందో నాకు అర్థమయ్యేలోపే తిరిగి వచ్చింది. చేతిలో, గురువారం విప్పి ఉతుకు బుట్టలో వేసిన నా జేబు బనీను ఉంది. ఆ జేబులో వేళ్లు పెట్టి, రబ్బరు బ్యాండు వేసిన మూడు మిరపకాయల కట్ట ఒకటి తీసి భాయ్ ముందు పెట్టింది.

వివరించాలి. మాఘం చివర మా మిరప కోతకొచ్చి కల్లంలో ఆరబెట్టారు. కాయ ఎంత ఆరిందో కౌలుదారు నోటిమాట మీద నేను నమ్మను. సోమ, గురువారాల్లో బస్సెక్కి వెళ్లి, కల్లంలో ఒక్కో టార్పాలిన్ పట్టా మీది నుంచి మూడేసి కాయలు తీసి, పట్టా సంఖ్య రాసిన చీటీ చుట్టి, రబ్బరు బ్యాండు వేసి తెచ్చేవాణ్ణి. ఇంట్లో చిన్న త్రాసుమీద తూచేవాణ్ణి. ఇంకా తూచనివి చొక్కా జేబులో ఉండేవి. తూచినవి, పొరపాటున మళ్లీ తూచకుండా, లోపలి బనీను జేబులో వేసేవాణ్ణి. చొక్కా జేబులు నా భార్య చూసేది. బనీనుకు జేబు ఉన్న సంగతి ఆమెకు గుర్తుండేది కాదు, నాకు గుర్తుండి ఉండాలి.

మంగళ, శుక్రవారాలు సోమ, గురువారాల మరునాడు వస్తాయి. కల్లానికి వెళ్లిన రోజులన్నీ నా పుస్తకంలో ఉన్నాయి, ఇంకో పేజీలో. రెండు పేజీలను పక్కపక్కన పెట్టి ఎప్పుడూ చూడలేదు.

"అందుకే రొమ్ము మీద మంట మంటని మందు రాయించుకున్నారు" అంది నా భార్య. "చెమటపొక్కులని డాక్టరుకి నలభై నిమిషాలు చెప్పారు."

భాయ్ నవ్వు ఆపుకోవడానికి బిరడా వైపు తిరిగాడు. అమ్మాయి నవ్వలేదు. ఆమె చేతిలోని తోలు ముక్కలను పళ్లెంలో వేసి, చెయ్యి కడుక్కోవడానికి లేచింది.

భాయ్ గూడును పాత పళ్ల బ్రష్షుతో రుద్ది కడిగాడు. బిరడా ఉన్న రంధ్రంలోకి టార్చి వేసి, లోపలి పంపు రెక్కను స్క్రూడ్రైవరు కొసతో తిప్పాడు. అది ఒక్క ఊపున తిరగలేదు, ఆగి ఆగి తిరిగింది. పాడైందేమో అన్నాను. లోపల అయస్కాంతం పట్టు ఉంటుంది, అట్లాగే తిరగాలని చెప్పాడు. రెక్కకు చుట్టుకున్న దారం ఒకటి లాగేసి, బిరడా గట్టిగా బిగించి, నీళ్లు పోసి నడిపించాడు. గొట్టం నుంచి నీళ్లు ఎగసి పడ్డాయి. స్కేలు పెట్టే అవసరం రాలేదు. ఒక నిమిషం యాభై సెకన్లలో టబ్బు ఖాళీ అయింది.

అయితే యంత్రం అక్కడే ఆగింది. నీళ్లు లేవు, పిండడం మొదలవలేదు. మూత ఎత్తి మూస్తే రెండు సెకన్లు తిరిగి మళ్లీ ఆగింది.

"ఇది మూడోది. చెల్లెమ్మ చెప్పిన రెండుసార్లు ఇదే" అన్నాడు భాయ్. మూత కింద ఒక మూలన చిన్న ప్లాస్టిక్ నాలుక ఉంది. మూత మూస్తే అది నొక్కుకుని లోపలి స్విచ్చుకు కబురు చేరుతుంది. మూత మూసి ఉందని తెలిస్తేనే యంత్రం పిండుతుంది. మా బోరు నీటి ఉప్పు, సబ్బుపొడి కలిసి ఆ నాలుక చుట్టూ సున్నంలా గడ్డకట్టాయి. గీకి తుడిచాడు. పైపలక విప్పి, స్విచ్చు తీగెలు ఊడదీసి, మీటరు పెట్టి నొక్కి చూపించాడు. నొక్కిన ప్రతిసారీ అంకె సున్నా దగ్గరకు రావాలి. నాలుగుసార్లలో ఒకసారి రాలేదు. ఆ ఒక్కదాన్ని నేను స్వయంగా నొక్కి చూసి ఒప్పుకున్నాను.

"తీగెలు రెండూ కలిపేస్తే సరిపోదా? మా చెల్లెలింట్లో అట్టానే చేశారు" అంది నా భార్య.

"నేను చెయ్యనమ్మా. కలిపేస్తే మూత తీసినా తిరుగుతానే ఉంటది. దుప్పటి కొస పట్టుకుంటే చెయ్యి లోపలికి లాగేస్తది. చెయ్యి పెట్టేది మీరు కాదు, ఈ పిల్ల."

 భాయ్ బండి వేసుకుని దుకాణానికి వెళ్లి, ముప్పావుగంటలో కొత్త స్విచ్చు తెచ్చి బిగించాడు. ఆ ముప్పావుగంట నేను వసారాలో ఆ కొస నుంచి ఈ కొసకు తిరిగాను. అమ్మాయి అంట్లు బోర్లించి, చెత్త పారబోసి, చెప్పులు వేసుకోబోతున్నది.

"అమ్మాయ్, సోమవారం రా" అన్నాను.

"కుదరదు బాబాయ్."

"పొరపాటు నాది. అందరి ముందూ అంటున్నాను."

"మీరంటే ఇన్నాను. నిన్న సాయంత్రం కోర్టు కాడ వకీలు గారింట్లో మాటిచ్చేశా. పొద్దున ఆరింటికి. మీరు రావద్దన్న పొద్దున ఆరే నాకు ఖాళీ, అది ఇంకొకరికి ఇచ్చేశా." చెప్పులు తొడుక్కుంది. "ముసురు పడితే ఎట్టా గడవాలని నిన్నంతా గిడ్డంగి పని మానుకుని తిరిగాను. మీ మాట మీద తిరిగాను."

తొమ్మిది ఇళ్లు తిరిగిందని నా భార్య తరువాత చెప్పింది.

ఆదివారం ఆమె ఎప్పుడూ రాదు, అయినా ఆ రోజు వీధి చివర దాకా రెండుసార్లు నడిచాను. ఆమె ఇంటికి తాళం ఉంది. సోమవారం ఆరింటికి నా భార్య గోడ పట్టుకుని నడిచి వచ్చి అంట్ల ముందు కూర్చోబోతే ఆమెను లేపి నేను తోమాను. ఆరుంబావు, ఆరున్నర, ఏడు. గేటు చప్పుడైనప్పుడల్లా చేతులు కడుక్కోకుండానే లేచాను. పాలవాడు, పేపరు, పక్కింటి కుక్క. ఇరవై మూడు గిన్నెలకు యాభై నిమిషాలు పట్టింది. మధ్యాహ్నం కల్లానికి వెళ్లాల్సిన బస్సు వదిలేశాను.

సాయంత్రం ఆరూ నలభైకి ఆమె వచ్చింది. లోపలికి రాలేదు. గేటు పట్టుకుని నిలబడింది. తలలో, కనుబొమల మీద మిరప దుమ్ము ఉంది.

"పిన్ని మోకాళ్లు సూసి వచ్చా, మీ కోసం కాదు" అంది. "పొద్దున వకీలు గారింటికి మాట తప్పను. సాయంత్రం ఆరున్నరకి వస్తా. కుదిరితే సెప్పండి, లేకపోతే లేదు."

"కుదురుతుంది."

"ఇంకోటి. ఈసారి ఏదన్నా ఆగితే ముందు నన్ను అడగాల. రాసుకోవడం తర్వాత."

"అడుగుతాను."

"పిన్నీ, సీపురెక్కడ పెట్టావే?" అంటూ లోపలికి వచ్చింది.

మరునాడు మంగళవారం. సాయంత్రం ఏడు గంటలకు ఆమె బట్టలు వేసి, తన చీరా చొక్కా కూడా అందులో వేసింది. వేస్తున్నట్టు నాకు చూపించి వేసింది. యంత్రం నిండింది, ఉతికింది, నీళ్లు దించింది, పిండింది. ఒక్కసారీ ఆగలేదు. అది తిరుగుతున్నంతసేపూ ఆమె మెట్టుమీద కూర్చుని, మోకాళ్ల మీద తల పెట్టుకుని నిద్రపోయింది. పొద్దున ఆరింటికి వకీలు ఇల్లు, తొమ్మిదిన్నరకు గిడ్డంగి, ఆరున్నరకు మేము. లోగడ ఆమె రోజు సాయంత్రంతో ముగిసేది. ఇప్పుడు దాదాపు రెండు గంటలు పెరిగింది, దానికి కారణం నేను.

పని అయినట్టు యంత్రం మోగింది. ఆమె లేవలేదు. నేను మూత ఎత్తి, బట్టలు ఒక్కొక్కటీ తీసి దులిపి, తాడు మీద వేయడం మొదలుపెట్టాను. చప్పుడుకు ఆమె కళ్లు తెరిచి, "చీర అంచు కిందికి వేలాడనీయకండి బాబాయ్, మట్టి తగులుద్ది" అని, మళ్లీ కళ్లు మూసుకుంది. ఆమె చీర అంచు పైకి మడిచి వేశాను.